రెట్టింపుకు ఎన్ని రోజులు?

2020 ఫిబ్రవరి 24 సాయంత్రానికి ఇటలీలో కరోనా సోకినట్టు తేలినవాళ్లు 229 మంది. లొంబార్డీ ప్రాంతంలోని కొదోన్యో అనే చిన్న పట్టణంలో మొదటి స్థానిక కేసు బయటపడి అప్పటికి నాలుగు రోజులే అయింది. ఆరు కోట్ల జనాభా ఉన్న దేశంలో 229 అంటే ఎవరికీ పెద్ద సంఖ్యగా అనిపించదు. మార్చి 9 నాటికి అది 9,172 అయింది. మర్నాటి నుంచి ప్రభుత్వం దేశం మొత్తాన్ని మూసేసింది. ఆరు కోట్ల మందిలో తొమ్మిది వేల మందికి జబ్బు చేస్తే దేశాన్నే మూసేయాలా అని అప్పట్లో చాలామంది అడిగారు. మన ఊళ్లలోనూ ఆ ప్రశ్న వినిపించింది.

ఆ ప్రశ్నకు జవాబు తొమ్మిది వేల సంఖ్యలో దొరకదు. అది ఎన్ని రోజులకు రెట్టింపవుతోందన్న లెక్కలో ఉంది. అంటువ్యాధుల నిపుణులు మొదటి వారాల్లో అన్నిటికన్నా ముందు చూసేది ఈ రెట్టింపు కాలాన్నే. దీన్ని లెక్కగట్టడానికి పెద్ద చదువులేవీ అక్కర్లేదు. రోజూ ప్రభుత్వం ప్రకటించే కేసుల సంఖ్యలు, ఒక కాలిక్యులేటర్ ఉంటే చాలు. అయితే ఆ సంఖ్యలు ఎక్కడ నిజం చెబుతాయో, ఎక్కడ తప్పుదోవ పట్టిస్తాయో తెలిసి ఉండాలి. ఇటలీలోని ఆ అయిదు వారాలను దగ్గరగా చూస్తే రెండూ అర్థమవుతాయి.

కూడిక కాదు, గుణకారం

ఒక రోగి నుంచి సగటున ఇద్దరు ముగ్గురికి జబ్బు అంటుతుందనుకుందాం. వాళ్లలో ఒక్కొక్కరూ మళ్లీ ఇద్దరు ముగ్గురికి అంటిస్తారు. అంటే రేపటి కొత్త రోగుల సంఖ్య ఇవాళ ఉన్న రోగుల సంఖ్య మీద ఆధారపడుతుంది. ఉన్నవాళ్లు ఎక్కువైతే వచ్చేవాళ్లూ అదే నిష్పత్తిలో ఎక్కువవుతారు. వడ్డీ అసలులో కలిసి, దాని మీద మళ్లీ వడ్డీ పడే చక్రవడ్డీ సరిగ్గా ఇలాగే పెరుగుతుంది. గణితంలో దీన్ని ఘాతీయ వృద్ధి అంటారు.

కొత్త జబ్బు వచ్చిన తొలి వారాల్లో ఈ పద్ధతి బాగా కుదరడానికి కారణం ఉంది. అప్పటికి ఎవరిలోనూ రోగనిరోధక శక్తి ఉండదు. జనం ఇంకా తమ అలవాట్లు మార్చుకుని ఉండరు. రోగి కలిసే ప్రతి మనిషికీ జబ్బు సోకే అవకాశం ఉంటుంది. కాబట్టి ఒకరి నుంచి ఎంతమందికి అంటుతుందన్న సగటు కొన్నాళ్లపాటు పెద్దగా మారదు. ఆ సగటు మారనంతకాలం జబ్బు ఒకే వేగంతో రెట్టింపవుతూ పోతుంది. వంద రెండొందలు కావడానికి ఎన్ని రోజులు పడితే, పదివేలు ఇరవై వేలు కావడానికీ అన్ని రోజులే పడతాయి. మొదట్లో చప్పుడు లేకుండా ఉన్న జబ్బు ఒక్కసారిగా విరుచుకుపడిందని జనం అనుకుంటారు. నిజానికి దాని వేగం మొదటినుంచీ ఒకటే.

జనం జాగ్రత్త పడ్డా, ప్రభుత్వం కట్టడి చేసినా, చాలామందికి ఒకసారి సోకి తగ్గిపోయినా ఆ సగటు పడిపోతుంది. అప్పుడు ఘాతీయ వృద్ధి ఆగుతుంది. అది ఎప్పుడు ఆగిందో కూడా రెట్టింపు కాలమే చెబుతుంది.

ప్రతి సాయంత్రం ఆరు గంటల లెక్క

ఆ రోజుల్లో ఇటలీ పౌర రక్షణ విభాగం సాయంత్రం ఆరు గంటలకు దేశవ్యాప్త లెక్కను విడుదల చేసేది. ఆ లెక్కల నుంచి రోజువారీ కొత్త కేసులను తీసి, వారం చొప్పున కూడితే ఇలా వస్తుంది.

ఫిబ్రవరి 25 – మార్చి 2: 1,807
మార్చి 3 – 9: 7,136
మార్చి 10 – 16: 18,808
మార్చి 17 – 23: 35,947
మార్చి 24 – 30: 37,812

ఇప్పుడు రెండో వారం సంఖ్యను మొదటి వారం సంఖ్యతో భాగించండి. 7,136ను 1,807తో భాగిస్తే 3.95 వస్తుంది. అంటే వారంలో దాదాపు నాలుగు రెట్లు. నాలుగు రెట్లంటే రెండుసార్లు రెట్టింపు కావడమే. ఏడు రోజుల్లో రెండుసార్లు రెట్టింపైతే, ఒక్కో రెట్టింపుకు మూడున్నర రోజులు పట్టినట్టు. లెక్క అంతే.

నిష్పత్తి సరిగ్గా నాలుగో, రెండో కాకపోతే కాలిక్యులేటర్‌లో log మీట నొక్కాలి. సూత్రం ఇది:

రెట్టింపు కాలం = 7 × 0.301 ÷ log(ఈ వారం ÷ గత వారం)

ఇందులో 0.301 అనేది రెండు సంఖ్యకు సంవర్గమానం. ఇన్ని రెట్లలో ఎన్ని రెట్టింపులు ఉన్నాయని అడిగితే సంవర్గమానం జవాబు చెబుతుంది. కాలిక్యులేటర్ దగ్గర లేకపోయినా కొన్ని గుర్తులు పెట్టుకోవచ్చు. వారానికి నాలుగు రెట్లైతే మూడున్నర రోజులు, మూడు రెట్లైతే సుమారు నాలుగున్నర రోజులు, రెండు రెట్లైతే ఏడు రోజులు, ఒకటిన్నర రెట్లైతే పన్నెండు రోజులు.

ఇటలీ వారాలను ఈ సూత్రంలో వేస్తే మొదట మూడున్నర రోజులు వస్తుంది. మూడో వారాన్ని రెండో వారంతో పోలిస్తే అయిదు రోజులు, నాలుగో వారాన్ని మూడో వారంతో పోలిస్తే ఏడున్నర రోజులు. అయిదో వారానికి నిష్పత్తి 1.05కు పడిపోయింది. సూత్రంలో వేస్తే తొంభై ఆరు రోజులు వస్తుంది. అది పెరుగుదల ఆగిపోయిందని చెప్పడమే. రోజుకు 6,557 కొత్త కేసులతో మార్చి 21న ఆ అల శిఖరం తాకింది.

మార్చి 9న దేశాన్ని ఎందుకు మూశారో ఇప్పుడు చూడండి. ఆ వారం కొత్త కేసులు 7,136. అదే వేగంతో ఇంకో మూడు వారాలు పెరిగి ఉంటే మార్చి చివరి వారంలో కొత్త కేసులు సుమారు 4,40,000 ఉండేవి. నిజంగా నమోదైనవి 37,812. పాలకుల ముందున్న ప్రశ్న తొమ్మిది వేల గురించి కాదు, మూడు వారాల తర్వాత రాబోయే ఆ లక్షల గురించి. అంతమందికి ఆసుపత్రుల్లో పడకలు ఏ దేశంలోనూ ఉండవు.

ఒక్క రోజు సంఖ్యను నమ్మితే

ఇక్కడ వారం మొత్తాలనే ఎందుకు తీసుకున్నాం? ఏదో ఒక రోజు సంఖ్యను తీసుకుని, వారం కిందటి అదే రోజుతో పోలిస్తే సరిపోదా? ఆ ప్రశ్నకు మార్చి 10 చక్కటి జవాబు చెబుతుంది.

మార్చి 9న ఇటలీలో కొత్త కేసులు 1,797. మర్నాడు అవి 977కు పడిపోయాయి. కట్టడి మొదలైన రోజే కేసులు సగానికి తగ్గాయని సంబరపడటానికి లేదు. అన్నిటికన్నా ఎక్కువ కేసులున్న లొంబార్డీ నుంచి ఆ రోజు లెక్క పూర్తిగా రాలేదు. మిగిలిన కేసులు తర్వాతి రోజు ఖాతాలో చేరి, మార్చి 11న 2,313 నమోదయ్యాయి.

ఈ రెండు రోజుల్లో రెట్టింపు కాలం ఎలా గంతులేస్తుందో చూడండి. మార్చి 3న కొత్త కేసులు 466, మార్చి 10న 977. ఈ రెంటినీ పోలిస్తే రెట్టింపు కాలం ఆరున్నర రోజులు. మార్చి 4న 587, మార్చి 11న 2,313. ఈ రెంటినీ పోలిస్తే మూడున్నర రోజులు. జబ్బు వ్యాపించే వేగం ఒక్క రాత్రిలో రెట్టింపు కాలేదు. ఒక కార్యాలయం నుంచి కాగితాలు ఒక రోజు ఆలస్యంగా వచ్చాయి, అంతే.

ఇలాంటివి ప్రతి దేశంలోనూ జరుగుతాయి. ఆదివారం ప్రయోగశాలల్లో సిబ్బంది తక్కువ, సోమవారం లెక్క పలచగా ఉంటుంది. పండగ సెలవులకు తగ్గిన కేసులు ఆ తర్వాత ఒక్కసారిగా పొంగుతాయి. ఏడు రోజుల మొత్తంలో ప్రతి వారానికీ ఒక ఆదివారం, ఒక సోమవారం ఉంటాయి కాబట్టి ఈ హెచ్చుతగ్గులు చాలావరకు కొట్టుకుపోతాయి. పత్రికల్లో, టీవీల్లో ‘ఒక్క రోజులో భారీగా తగ్గిన కేసులు’ అన్న శీర్షిక కనిపిస్తే, ఆ రోజు ఏ వారమో చూసుకోవడం మంచిది.

దీన్ని కంటితో చూడాలంటే ఒక పద్ధతి ఉంది. గ్రాఫులో నిలువు గీత మీద 10, 100, 1,000, 10,000 సంఖ్యలను సమాన దూరాల్లో పెడతారు. మామూలు గ్రాఫులో మీదికి లేచిపోయే ఘాతీయ వృద్ధి ఇందులో తిన్నని ఏటవాలు గీతగా కనిపిస్తుంది. ఆ గీత ఎంత నిటారుగా ఉంటే రెట్టింపు కాలం అంత తక్కువ. గీత వంగి, పక్కకు తిరగడం మొదలుపెడితే వేగం తగ్గుతోందని అర్థం. ఒక్క రోజు చుక్క గీత నుంచి కిందికి జారినా, మిగతా చుక్కలు దారి తప్పకపోతే కంగారు పడక్కర్లేదు.

దొరకని కేసుల సంగతి

చాలామందికి వచ్చే అనుమానం ఇంకొకటుంది. నమోదయ్యే కేసులు అసలు కేసుల్లో కొద్దిభాగమే కదా, అలాంటప్పుడు ఈ లెక్కలకు విలువేముంది అని. అనుమానం సరైనదే. వెనెతో ప్రాంతంలోని వో అనే ఊళ్లో దాదాపు జనమందరికీ పరీక్షలు చేస్తే, వైరస్ ఉన్నవాళ్లలో నూటికి నలభై మందికి పైగా లక్షణాలే లేవు. వాళ్లంతా మామూలుగా అయితే ఏ లెక్కలోకీ రారు.

అయినా రెట్టింపు కాలం నిలబడుతుంది. పదిమంది రోగుల్లో ఒక్కరే దొరుకుతున్నారనుకుందాం. అసలు రోగులు గత వారం పదివేలు, ఈ వారం నలభై వేలు అయితే నమోదయ్యేవాళ్లు వెయ్యి, నాలుగు వేలు. రెంటి నిష్పత్తీ నాలుగే. భాగహారంలో ఆ పదోవంతు పైనా కిందా ఉండి కొట్టుకుపోతుంది. ఎంతమంది దొరుకుతున్నారో తెలియకపోయినా, దొరికే వంతు మారకుండా ఉంటే చాలు. జబ్బు ఎంత పెద్దదో తెలియని తొలిరోజుల్లోనే అది ఎంత వేగంగా పెరుగుతోందో నమ్మకంగా చెప్పగలగడం ఈ లెక్కలోని గొప్ప బలం.

ఆ వంతు మారినప్పుడే చిక్కంతా. గత వారం పదిమందిలో ఒకర్ని పట్టుకున్నవాళ్లు ఈ వారం పరీక్షలు పెంచి ఇద్దర్ని పట్టుకున్నారనుకుందాం. అసలు జబ్బు వారంలో రెండు రెట్లే పెరిగినా, నమోదైన కేసులు నాలుగు రెట్లవుతాయి. నిజమైన రెట్టింపు కాలం ఏడు రోజులు, మన లెక్కలో వచ్చేది మూడున్నర. పరీక్షలు తగ్గితే దీనికి తలకిందులుగా జరుగుతుంది. జబ్బు పరుగెడుతుంటే మనకు నిదానంగా నడుస్తున్నట్టు కనిపిస్తుంది.

ఇటలీలో ఇది నిజంగా జరిగింది. ఫిబ్రవరి 25న ఆరోగ్య మంత్రిత్వ శాఖ పరీక్షల నిబంధనలు మార్చింది. అప్పటిదాకా రోగులను కలిసినవాళ్లకూ విరివిగా చేసిన పరీక్షలను, లక్షణాలు తీవ్రంగా ఉన్నవాళ్లకు ముందు చేయాలంది. కాబట్టి సంఖ్యలను చూసేటప్పుడు పక్కనే ఎన్ని పరీక్షలు చేశారో కూడా చూడాలి. మొదటి వారంలో ప్రతి వంద పరీక్షల్లో సుమారు తొమ్మిది పాజిటివ్ వచ్చాయి. రెండో వారంలో అవి ఇరవై మూడు. కేసులు నాలుగు రెట్లు పెరిగిన ఆ వారంలో పరీక్షలు పెరిగింది ఒకటిన్నర రెట్ల కన్నా కొంచెమే ఎక్కువ. పరీక్షలు పెంచడం వల్ల కేసులు పెరిగాయన్న వాదన అక్కడ నిలవదు. నిజానికి జబ్బు పరీక్షలను దాటి పరుగెత్తింది.

అయిదో వారం చూడండి. పరీక్షలు అంతకుముందు వారం కన్నా ఇంచుమించు సగం పెరిగాయి, కేసులు మాత్రం దాదాపు అక్కడే నిలిచాయి. వంద పరీక్షల్లో పాజిటివ్‌లు ఇరవై ఆరు నుంచి పంతొమ్మిదికి దిగాయి. ఎక్కువ వెతికినా తక్కువ దొరుకుతున్నాయంటే, జబ్బు నిజంగానే నెమ్మదించినట్టు. కేసులు తగ్గడం, పాజిటివ్ శాతం తగ్గడం రెండూ కలిసి వస్తేనే ఊపిరి పీల్చుకోవాలి.

మరణాలతో సరిచూసుకుంటే

పరీక్షల విధానం మారినా అంతగా కదలని లెక్క మరొకటుంది. అది మరణాల లెక్క. చెప్పుకోవడానికి బాధగా ఉన్నా, నిపుణులు కేసుల లెక్కను సరిచూసుకునేది దానితోనే. ఇటలీలో అవే అయిదు వారాల్లో నమోదైన మరణాలు వరుసగా 45, 411, 1,695, 3,919, 5,514.

మొదటి రెండు వారాల మధ్య మరణాలు తొమ్మిది రెట్లు పెరిగాయి. రెట్టింపు కాలం రెండు రోజులకు కొంచెం ఎక్కువ. ఆ తర్వాత వరుసగా 3.4 రోజులు, 5.8 రోజులు, 14 రోజులు. ఈ వరుసను కేసుల రెట్టింపు కాలాల పక్కన, ఒక వారం వెనక్కి జరిపి పెట్టండి. కేసులవి 3.5, 5.0, 7.5. మరణాలవి 3.4, 5.8, 14. మొదటి జత దాదాపు సమానం, రెండో జత దగ్గరగానే ఉంది. జబ్బు నమోదైన మనిషి చనిపోవడానికి కొంత సమయం పడుతుంది కాబట్టి మరణాలు కేసుల వెనక నడుస్తాయి. రెండు వేర్వేరు దారుల్లో వచ్చిన లెక్కలు ఒకే మాట చెప్పాయంటే ఆ మాటను నమ్మవచ్చు.

చివరి జత కుదరలేదు. మరణాలు చూపిన నెమ్మది కేసులు చూపినదానికన్నా ఎక్కువ. పరీక్షలు పెరిగి, అంతకుముందు దొరకని కేసులు ఎక్కువగా దొరకడం అందుకు ఒక కారణం కావచ్చు. మరణాల్లోనూ లోపాలు లేకపోలేదు. ఇళ్లలో, వృద్ధాశ్రమాల్లో పరీక్ష జరగకుండానే పోయినవాళ్లు చాలామంది ఈ లెక్కలోకి రాలేదు. మొదటి వారంలో మరణాలు 45 మాత్రమే కాబట్టి అక్కడి రెండు రోజుల రెట్టింపును గట్టిగా పట్టుకోకూడదు.

చిన్న సంఖ్యలతో ఇదే ప్రమాదం. ఒక జిల్లాలో గత వారం పది కేసులు, ఈ వారం ఇరవై కేసులు వచ్చాయంటే వారంలో రెట్టింపైనట్టే కనిపిస్తుంది. కానీ అంత కొద్ది కేసుల్లో కాకతాళీయంగా వచ్చే హెచ్చుతగ్గులే చాలా ఉంటాయి. గణాంక శాస్త్రం ప్రకారం ఆ సంఖ్యల వెనక మూడు రోజులకోసారి రెట్టింపయ్యే జబ్బు ఉండవచ్చు, అసలు పెరగనిదీ ఉండవచ్చు. అదే వెయ్యి కేసులు రెండు వేలైతే, లెక్కింపు తీరు మారలేదనుకుంటే, రెట్టింపు కాలం ఆరు రోజుల నుంచి ఎనిమిది రోజుల మధ్య ఉందని ధైర్యంగా అనవచ్చు.

మన లెక్కలు ఎలా ఉన్నాయి

ఇటలీ కథకు నెల్లూరుతో నేరుగా బంధం ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో మొదటి కరోనా కేసు 2020 మార్చి 12న బయటపడింది. అది ఇటలీ నుంచి నెల్లూరు తిరిగివచ్చిన వ్యక్తిది. అంతకు పదిరోజుల ముందు హైదరాబాద్‌లో తేలిన తెలంగాణ మొదటి కేసు దుబాయ్ వెళ్లొచ్చినవారిది. తొలి రోజుల్లో మనదగ్గర దొరికిన కేసుల్లో ఎక్కువ భాగం ఇలా విదేశాల నుంచి వచ్చినవే. అలాంటి కేసులు పెరుగుతుంటే వాటి రెట్టింపు కాలం జబ్బు పుట్టిన దేశంలో అది ఎంత వేగంగా పెరుగుతోందో, విమానాలు ఎన్ని వస్తున్నాయో చెబుతుంది. నెల్లూరు వీధుల్లో అది ఎంత వేగంగా అంటుకుంటోందో చెప్పదు. అందుకే ప్రయాణ చరిత్ర లేని, ఎవరి నుంచి సోకిందో తెలియని కేసులను విడదీసి లెక్కపెట్టాలని నిపుణులు పట్టుబడతారు.

ఏప్రిల్ నెలంతా మన టీవీల్లో రెట్టింపు కాలం మాట మోగిపోయింది. ఏప్రిల్ 20న కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ సంయుక్త కార్యదర్శి లవ్ అగర్వాల్, లాక్‌డౌన్‌కు ముందు 3.4 రోజులుగా ఉన్న దేశ రెట్టింపు కాలం 7.5 రోజులకు పెరిగిందని ప్రకటించారు. అదే రోజు రాష్ట్రాల లెక్కలు కూడా చెప్పారు. తెలంగాణకు 9.4 రోజులు, ఆంధ్రప్రదేశ్‌కు 10.6 రోజులు, కేరళకు 72.2 రోజులు.

ఈ సంఖ్యలను చదివేటప్పుడు ఒక తేడా గుర్తుంచుకోవాలి. ఇవి రోజువారీ కొత్త కేసుల మీద కాక, మొదటి నుంచి పోగైన మొత్తం కేసుల మీద వేసినవి. మొత్తం కేసుల సంఖ్య ఎప్పుడూ తగ్గదు. జబ్బు పూర్తిగా ఆగిపోయినా అది అక్కడే నిలబడుతుంది తప్ప కిందికి రాదు. పాత కేసుల బరువు ఎక్కువ కాబట్టి ఇవాళ వచ్చిన మార్పు అందులో ఆలస్యంగా, మందంగా కనిపిస్తుంది.

ఇటలీతోనే సరిచూద్దాం. మొత్తం కేసులు మార్చి 23న 63,927, మార్చి 30న 1,01,739. వీటితో లెక్కిస్తే రెట్టింపు కాలం పది రోజులు దాటి కొంచెం. ఆ వారంలో కొత్త కేసుల పెరుగుదల దాదాపు ఆగిపోయిందని మనం ముందే చూశాం. మొత్తం కేసులు మాత్రం జబ్బు ఇంకా పది రోజులకోసారి రెట్టింపవుతున్నట్టు చూపిస్తున్నాయి. ఇంకో చిక్కూ ఉంది. రోజుకు వంద చొప్పున కేసులు ఏమాత్రం తగ్గకుండా వస్తూనే ఉన్నా, మొత్తం పెరిగేకొద్దీ దాని రెట్టింపు కాలం వారం వారం పొడవవుతూ పోతుంది. జబ్బు అదుపులోకి వచ్చిందని అది అబద్ధపు భరోసా ఇస్తుంది. కేరళ విషయంలో ఆ భరోసా నిజమే, ఎందుకంటే ఆ వారంలో అక్కడ కొత్త కేసులు చాలా రోజులు ఒంటి అంకెల్లోనే ఉన్నాయి. ఆ సంగతి తెలిసింది 72 రోజుల లెక్క వల్ల కాదు, కొత్త కేసుల వల్ల. అందుకే కొత్త కేసులతోనే లెక్క వేయాలి.

చూస్తున్నది పాత సంగతి

ఇంకో పరిమితి మిగిలింది, అన్నిటికన్నా ఎక్కువ మందిని తప్పుదోవ పట్టించేది అదే. జబ్బు సోకిన మనిషికి లక్షణాలు కనిపించడానికి కరోనాలో సగటున అయిదు రోజులు పట్టేది. ఆ తర్వాత డాక్టర్ దగ్గరికి వెళ్లడానికి, పరీక్ష చేయడానికి, ఫలితం రావడానికి, అది ప్రభుత్వ లెక్కలో చేరడానికి ఇంకొన్ని రోజులు. మొత్తం మీద ఇవాళ ప్రకటించిన కేసులు సుమారు పది రోజుల కిందటి సంగతి చెబుతాయి.

రెట్టింపు కాలం మూడున్నర రోజులున్నప్పుడు పది రోజులంటే దాదాపు మూడు రెట్టింపులు. అంటే లెక్క చేతికి వచ్చేసరికి సోకే వేగం ఏడు రెట్లు పెరిగిపోయి ఉంటుంది. కట్టడి చేసిన మర్నాడు, వారం తర్వాత కూడా కేసులు పెరుగుతూనే ఉంటే కట్టడి పనిచేయలేదని తేల్చేయడం తొందరపాటు అయ్యేది ఇందుకే. ఇటలీని మార్చి 10న మూస్తే, కేసులు శిఖరం తాకింది పదకొండు రోజులకు, మార్చి 21న. ఆ మధ్యలో రోజూ వచ్చిన పెద్ద పెద్ద సంఖ్యల్లో ఎక్కువ భాగం తలుపులు మూయకముందు సోకినవాళ్లవే. ఈ ఆలస్యం తెలియని జనం ‘ఇంత కష్టపడ్డా ఫలితం లేదు’ అని విసిగిపోయి కట్టడిని వదిలేస్తే, ఫలితం వచ్చే వేళకే దాన్ని పోగొట్టుకుంటారు.

ఈ ఆలస్యం రెండువైపులా పనిచేస్తుంది. ఆంక్షలు ఎత్తేశాక మొదటి వారం కేసులు పెరగకపోతే ప్రమాదం తప్పిందని అనుకోవడమూ అంతే తప్పు. రెండు వారాలు ఆగి చూడాలి.

రేపు డెంగీ వచ్చినా, కొత్త ఫ్లూ వచ్చినా, ఇంకా పేరు పెట్టని మరో జబ్బు వచ్చినా ప్రభుత్వాలు రోజూ కేసుల సంఖ్య ప్రకటిస్తాయి. వాటిని చూసి భయపడకండి, తేలిగ్గానూ తీసుకోకండి. ఒక కాగితం తీసుకుని ఏడు రోజుల కొత్త కేసులు కూడండి. అంతకుముందు ఏడు రోజులవి కూడండి. మొదటిదాన్ని రెండోదానితో భాగించండి. నిష్పత్తి రెండు దాటితే జబ్బు వారం తిరక్కుండానే రెట్టింపవుతున్నట్టు, జాగ్రత్తలు ఆ రోజు నుంచే మొదలుపెట్టాలి. ఒకటికి చేరుతుంటే వేగం తగ్గుతున్నట్టు. ఒకటి కన్నా తగ్గి, వంద పరీక్షల్లో పాజిటివ్‌లు కూడా తగ్గి, ఆ రెండూ రెండు వారాలు అలాగే నిలిస్తేనే జబ్బు వెనక్కి మళ్లిందని నమ్మండి.